రాత్రిపూట పడిపోవడం: బీపీ నిలబెట్టి కూడా చూడండి

"మా అత్తయ్యకి డిమెన్షియా, రాత్రిళ్ళు బాత్రూంకి వెళ్తూ పడిపోతున్నారు, కర్ర ఇచ్చినా పట్టుకోరు, ఏం చెయ్యాలండీ?"

కర్ర పట్టుకోవాలన్న సంగతే వాళ్ళకి గుర్తుండదండీ, మొండితనం కాదు. మా నాన్నకీ ఇంతే, మల్కాజ్‌గిరిలో మా ఫ్లాట్‌లో నెలలో మూడుసార్లు పడ్డారు, మూడూ తెల్లవారుజామునే. మేమేమో టైల్స్ జారుతున్నాయనుకుని మ్యాట్ వేశాం, ఆ మ్యాట్‌కే కాలు తట్టుకుంది!

చివరికి ఒక నర్సమ్మ చెప్పింది, బీపీ కూర్చోబెట్టి కాదు, అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మళ్ళీ మూడు నిమిషాలకి చూడమని. పడుకున్నప్పుడు 148/84, నిలబడితే 116/70. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే లేవగానే కళ్ళు తిరగొచ్చట, కానీ డిమెన్షియా ఉన్నవాళ్ళు ఆ మాట మనకి చెప్పలేరు కదా. ప్రోస్టేట్ మాత్ర, నిద్ర మాత్ర రెండూ రాత్రే వేసేవాళ్ళం, వాటివల్ల కూడా తూలొచ్చు, అందుకే డాక్టర్ నిద్ర మాత్రని మెల్లమెల్లగా తగ్గించి ఆపేశారు (మీరు సొంతంగా ఆపకండి, ఒక్కసారిగా మానేస్తే ఇంకో గొడవ).

ఇప్పుడు పడుకునేముందు బాత్రూంకి తీసుకెళ్తాం, లేచాక మంచం అంచునే కాసేపు కూర్చోబెడతాం, బాత్రూం గడపకి పసుపు టేపు, లైట్ రాత్రంతా వేసే ఉంచుతాం. బీపీ మిషన్ లేకపోతే బస్తీ దవాఖానాలో చూస్తారు, నిలబెట్టి కూడా చూడమని మీరే అడగాలి. అయినా మొన్న ఒకసారి తూలారు, పూర్తిగా ఆగిందని చెప్పను.