ట్రాక్టర్ రంగు చూసి ఊరు చెబితే ఎలా?

అక్టోబరు సగం దాటిందంటే ఢిల్లీ గాలి మీద చర్చ మొదలవుతుంది. దాని వెనకే పొలాల్లో మంటల ఫొటోలు తిరుగుతాయి. కింద 'పంజాబ్' అని రాసి ఉంటుంది. గట్టు మీద తాటిచెట్లు కనిపిస్తున్నా రాసేవాళ్లకు అనుమానం రాదు. ఎవరైనా అడిగితే "ట్రాక్టర్ చూడండి, స్వరాజ్, పంజాబ్ బండి" అంటారు. ఈ ధోరణి మీదే నా అభ్యంతరం. పొలం ఫొటోలో ప్రాంతం గురించి అన్నిటికంటే తక్కువ చెప్పేది ట్రాక్టరే. ఎక్కువ చెప్పేది దాని చుట్టూ పడి ఉన్న గడ్డి.

స్వరాజ్ మొహాలీలో పుట్టింది, నిజమే. సోనాలికాది హోషియార్‌పూర్. కానీ ఆ రెండూ మన మండల కేంద్రాల షోరూముల్లోనూ ఉన్నాయి. స్వరాజ్‌ను మహీంద్రా 2007లో కొనేసింది. అదే మహీంద్రాకు జహీరాబాద్‌లో సొంత ట్రాక్టర్ ఫ్యాక్టరీ ఉంది. ఎరుపు రంగైతే మహీంద్రా కావచ్చు, మాస్సే కావచ్చు, ఐషర్ కావచ్చు. నీలమైతే న్యూ హాలండ్, సోనాలికా, ఫామ్‌ట్రాక్. పైగా సెకండ్ హ్యాండ్ బండి ఏ రాష్ట్రం నుంచి ఏ రాష్ట్రానికి వెళ్లిందో దాని యజమానే చెప్పాలి.

బ్రాండుతో ఉపయోగమే లేదా అంటే, దేశాన్ని తేల్చేటప్పుడు ఉంది. బెలారస్ ట్రాక్టర్ కనిపిస్తే తూర్పు యూరప్ వైపు, ఉర్సుస్ కనిపిస్తే పోలండ్ వైపు ముందుగా చూడటంలో తప్పులేదు. హెచ్ఎంటీ పాత బండి అయితే మన దేశమే అనుకోవచ్చు. మన దేశంలో ఏ జిల్లా అని అడిగితే మాత్రం బ్రాండు దగ్గర జవాబు ఉండదు.

కోత మిషన్ నయం. మన రైతులు దాన్ని రెండు రకాలుగా చెబుతారు: టైరు మిషన్, చైన్ మిషన్. కాలువ కింద పొలాలు కోత నాటికి పూర్తిగా ఆరవు. అలాంటి చోట టైర్లు దిగబడతాయి. చైన్ అయితే బరువు పరుచుకుని మిషన్ బురదలోనూ నడుస్తుంది. అందుకే గోదావరి, కృష్ణా డెల్టాల్లో, నీళ్లు నిలిచే చెరువు కింది పొలాల్లో దానికి గిరాకీ. పంజాబ్‌లో కోతకు ముందు నీళ్లు ఆపి పొలం ఆరబెడతారు. నాభా, భాద్‌సన్, మలేర్‌కోట్లా, బర్నాలా లాంటి ఊళ్లలో తయారయ్యే ప్రీత్, కర్తార్, దశ్మేశ్, స్టాండర్డ్ మిషన్లు ఎక్కువగా టైర్ల మీదే నడుస్తాయి. కాబట్టి చైన్ మిషన్ కనిపిస్తే పంజాబ్ అన్న మాట మీద గట్టిగా అనుమానపడాలి. టైరు మిషన్ కనిపిస్తే మాత్రం ఏమీ తేలదు. పొలం ఆరితే తెలంగాణలోనూ టైరు మిషనే దిగుతుంది, అందులో కొన్ని పంజాబ్ నుంచి సీజన్‌కు వచ్చినవే. నంబర్ ప్లేటు మీద పీబీ అని ఉంటే యజమాని ఊరు తెలుస్తుంది, పొలం ఊరు తెలియదు.

మిషన్ ఫొటోలో లేకపోయినా దాని పని కనిపిస్తూనే ఉంటుంది. ఒక ఫొటో అనుకుందాం: కోసిన వరి పొలం, మధ్యలో ఎర్ర ట్రాక్టర్, ఒక మూల పొగ. బ్రాండు వదిలేసి నేల చూడండి. మిషన్ వెనక నుంచి గడ్డి వరుసలుగా పడుతుంది, ఒక్కో కోతకు ఒక్కో వరుస. పంజాబ్ పెద్ద మిషన్ కోత పట్టీ సుమారు 14 అడుగులు, చిన్న చైన్ మిషన్‌ది అందులో సగం, దాదాపు 7 అడుగులు. 50 హెచ్‌పీ ట్రాక్టర్ వెడల్పు ఆరడుగులకు అటూఇటూ. అంటే రెండు వరుసల మధ్య రెండు ట్రాక్టర్లు పక్కపక్కన పట్టేలా ఉంటే పెద్ద టైరు మిషన్ తిరిగింది. ఒక్క ట్రాక్టరే ఇరుక్కునేంత ఉంటే చిన్న చైన్ మిషన్. బురదలో అడ్డగీతల ముద్ర కూడా ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. వరుసలే లేకుండా గడ్డి పొలమంతా సమానంగా చల్లినట్టు ఉందనుకోండి, మిషన్ వెనక గడ్డిని నరికి వెదజల్లే సూపర్ ఎస్ఎంఎస్ అనే పరికరం తగిలించారని అర్థం. పంజాబ్‌లో 2018లో దాన్ని తప్పనిసరి చేశారు. అందరూ పెట్టుకోరు కాబట్టి వరుసలు ఉన్నంత మాత్రాన పంజాబ్ కాదని అనలేం.

తర్వాత మోళ్లు చూడాలి. నాటిన వరి కుదుళ్లు కుదుళ్లుగా మిగులుతుంది, గోధుమ సన్నని సాళ్లుగా మిగులుతుంది. ఫొటో ఏప్రిల్‌ది, మోళ్లు కుదుళ్లుగా ఉన్నాయంటే అది పంజాబ్ కాదు. అక్కడ ఆ నెలలో కోసేది గోధుమ. యాసంగి వరి కోసే తెలంగాణో, దాళ్వా వేసే కోస్తానో, బోరో వరి పండించే బెంగాలో అవుతుంది. గోధుమ కోత తర్వాత పంజాబ్‌లో ఇంకో బండి కనిపిస్తుంది. ట్రాక్టర్ వెనక మోళ్లను నలిపి ఊక చేసే రీపర్, దాని వెనక చుట్టూ ఇనుప జాలీ కట్టిన ట్రాలీ. ఆ ఊకను వాళ్లు తూరీ అంటారు. ఈ జత కనిపిస్తే పంజాబ్, హర్యానా, వాటి చుట్టుపక్కల గోధుమ నేల అని ధైర్యంగా చెప్పొచ్చు.

ఇక వాముల సంగతి. నాకు అన్నిటికంటే నమ్మకమైన సాక్షి ఇదే, ఎందుకంటే వాము వేసే చెయ్యి స్థానికం. తూరీ ఊక నిలబడదు, అందుకే పంజాబ్‌లో దాన్ని పోగు చేసి చుట్టూ, పైనా గడ్డి కప్పి గుడిసెలా చేస్తారు. బెంగాల్‌లో మధ్యలో గుంజ పాతి దాని చుట్టూ గడ్డి పేర్చి కొన తేలుస్తారు. ఉత్తరాఖండ్ కొండల్లో చెట్టునే గుంజగా వాడుకుని కొమ్మల మధ్య గడ్డి ఎక్కిస్తారు. మన కోస్తాలో వరికుప్పను, గడ్డివామును విడిగా గుర్తుపట్టాలి. నూర్చని పనలను వెన్నులు లోపలికి, మొదళ్లు బయటికి ఉండేలా పేరుస్తారు. అందుకే కుప్ప గోడ కత్తిరించినట్టు నున్నగా కనిపిస్తుంది. నూర్చిన గడ్డితో వేసిన వాము అంచులు జులపాల్లా వేలాడుతుంటాయి. ఫొటోలో కుప్ప ఉందంటే అక్కడ ఇంకా చేతికోత బతికి ఉందన్నమాట.

చేతికోత ఆగిన చోట వామూ ఆగింది. కొడవలితో మొదలంటా కోసిన పొడుగాటి గడ్డి పొర మీద పొరగా పట్టు పడుతుంది, పైన పడ్డ వాన జారిపోతుంది. మిషన్ నుంచి వచ్చేది నలిగి, విరిగి ఉంటుంది. దాంతో వాము వేస్తే నీళ్లు లోపలికి దిగి కుళ్లుతుంది. అందుకే ఇప్పుడు చుట్టలు. మన దగ్గర చిన్న మిషన్లు ఎక్కువగా గుండ్రటి చుట్టలు చుడతాయి, పంజాబ్‌లో ఫ్యాక్టరీలకు, కరెంటు ప్లాంట్లకు వెళ్లే గడ్డిని ఎక్కువగా పెట్టెల్లా పలకలుగా కడతారు. ఆనవాలుగా ఇదీ పనికొస్తుంది, కానీ చుట్టలు పొలంలో ఉన్నప్పుడే. లారీ ఎక్కాక అవి ఎటైనా పోతాయి.

మంట కూడా ఇక్కడే పుడుతుంది. చుట్ట కట్టించడానికి డబ్బు కావాలి. ఇంట్లో గేదెలుంటే ఆ ఖర్చు గిట్టుబాటు అవుతుంది. కౌలు రైతుకు చాలాసార్లు పశువులుండవు, వచ్చే పంటకు దున్నడానికి రోజులూ ఉండవు, గడ్డి కొనేవాడు దారిలో ఆగడు. ఇక అగ్గిపుల్లే మిగులుతుంది. ఇది పంజాబ్ రైతు ఒక్కడి కథ కాదు. యాసంగి కోతలయ్యాక తెలంగాణ పల్లెల్లో సాయంత్రం పూట రోడ్డు పక్కనే ఈ మంటలు కనిపిస్తాయి. వాటి పొగ ఢిల్లీకి పోదు కాబట్టి టీవీల్లో చర్చ ఉండదు, చుట్టలు కట్టే బేలర్లకు సబ్సిడీ ఎంత మందికి అందిందని అడిగేవాడూ ఉండడు. ఏప్రిల్‌లో తీసిన, కుదుళ్లున్న మోళ్ల ఫొటో కింద 'పంజాబ్' అని రాసినప్పుడు అక్కడి రైతు తనది కాని తప్పు మోస్తున్నాడు, మన వ్యవసాయ శాఖ చెప్పాల్సిన జవాబు ఎగ్గొడుతోంది.