ఎవరు, ఎప్పటిదాకా, ఎలా బయటికి: ఎంఓయూ అనే అవగాహన ఒప్పందం మీద తిరుగుతున్న మెసేజ్‌కు జవాబు

«ఎంఓయూ కోర్టుకు పనికిరాదు, అది మర్యాద కాగితం, ఒక్క పేజీ చాలు. ‘ఇరుపక్షాలు పరస్పరం సహకరించుకుంటాయి’ అని రాస్తే అన్నీ అందులోనే వచ్చేస్తాయి. గడువు రాయకపోతేనే మంచిది, బంధం ఎప్పటికీ ఉంటుంది. విడిపోయే షరతులు ముందే రాయడం అపశకునం, అవతలివాళ్ళను నమ్మనట్టు.»

మా పర్లాకిమిడితో పాటు బరంపురం, రాయగడ తెలుగు సంఘాల గ్రూపుల్లో కూడా ఇది నెలల తరబడి తిరుగుతోంది. మా సంఘంలో ఆరేళ్ళుగా కార్యదర్శి పని చేస్తున్నాను. సంఘం భవనంలో రెండు గదులున్నాయి. సరిహద్దు అవతల శ్రీకాకుళం జిల్లా కాలేజీలు, ఇవతల ఒడిశా సంస్థలు వాటిని శిక్షణ తరగతులకు అడుగుతుంటాయి. అలా రెండు ఒప్పందాలు చేసుకున్నాం. మొదటిది సరిగ్గా ఈ మెసేజ్ చెప్పినట్టే చేసి నష్టపోయాం. అందుకే వరుసగా జవాబు రాస్తున్నాను.

మొదటి మాటలో కొంత నిజం ఉంది. ఉత్త ఉద్దేశాలు రాసుకున్న ఎంఓయూ మామూలుగా కాంట్రాక్టు అవదు. కానీ కాగితం పైన ఏ పేరు పెట్టామన్నదాన్ని బట్టి అది తేలదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 10వ సెక్షన్ ప్రకారం ఒప్పందం చేసుకునే అర్హత ఉన్నవాళ్ళు, ఇష్టపూర్వకంగా, చట్టబద్ధమైన ప్రతిఫలానికి, చట్టబద్ధమైన పనికి ఒప్పుకుంటే, చట్టం చెల్లదని చెప్పినది కాకపోతే, అది కాంట్రాక్టే. పైన ‘అవగాహన ఒప్పందం’ అని రాసి, లోపల ఒకరు గదులిస్తామని, ఇంకొకరు నెలకింత కడతామని రాస్తే కోర్టు ఆ లోపలి మాటలనే చూస్తుంది. కట్టుబడాలన్న ఉద్దేశం ఇద్దరికీ ఉందా లేదా అన్నది కూడా ఆ మాటల్లోంచే తీస్తుంది. మర్యాద కాగితమని సంతకం పెట్టినవాళ్ళు రేపు డబ్బు బాకీ పడవచ్చు.

దీనికి ఎదురు ప్రమాదం కూడా ఉంది. అదే చట్టం 29వ సెక్షన్ ప్రకారం అర్థం తేలని, తేల్చడానికి వీల్లేని ఒప్పందం చెల్లదు. అంటే ‘సహకరించుకుంటాం’ అన్న ఒక్క వాక్యాన్ని నమ్ముకుని కోర్టుకు వెళితే చేతిలో ఏమీ ఉండకపోవచ్చు. కట్టుబడతామా లేదా అన్నది మనమే తేల్చి రాయాలి, అదీ నిబంధనల వారీగా. మా రెండో ఒప్పందంలో ఇలా రాశాం: «3 నుంచి 9 వరకు ఉన్న నిబంధనలకు ఇరుపక్షాలు చట్టపరంగా కట్టుబడి ఉంటాయి. మిగిలినవి ఉద్దేశాలు మాత్రమే.» డబ్బు, వస్తువులు, నోటీసు, ముగింపు ఆ 3 నుంచి 9 లోపల ఉన్నాయి. ‘మరిన్ని కోర్సులు కలిసి ఆలోచిస్తాం’ లాంటివి బయట ఉన్నాయి. ఈ రెండు వాక్యాలు లేకపోతే ఎవరికి అనుకూలంగా వాళ్ళు చదువుకుంటారు.

‘పరస్పర సహకారం’ దగ్గరే మేము దెబ్బతిన్నాం కాబట్టి ఇది కాస్త ఎక్కువ రాస్తాను. మా మొదటి కాగితంలో ఉన్న వాక్యం ఇది: «గదులు, విద్యుత్తు, బోధన తదితర ఏర్పాట్లు పరస్పర అంగీకారంతో చేయబడతాయి.» చదవడానికి ఎంత నిండుగా ఉందో చూడండి. 22 మంది ఆడపిల్లలు కంప్యూటర్ కోర్సులో చేరారు. తలా 1,500 రూపాయల ఫీజు, మొత్తం 33,000, అవతలి సంస్థ తీసుకుంది. రెండో నెల సగంలో మాస్టారు రావడం మానేశాడు. అడిగితే, మాస్టారిని మేమే పంపాలని కాగితంలో ఎక్కడుంది అన్నారు. నిజమే, లేదు. మూడు నెలల కరెంటు బిల్లు 11,400 వచ్చింది. మీటరు సంఘం పేరు మీద ఉంది కాబట్టి మేమే కట్టాం. పిల్లలకు సర్టిఫికెట్ రాలేదు. పాతపట్నం నుంచి రోజూ బస్సెక్కి వచ్చే ఒక అమ్మాయి తండ్రి మా వరండాలో నిలబడి «మీ భవనం చూసి చేర్చాం కదండీ» అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

తప్పు ఆ వాక్యంలోని క్రియలో ఉంది. ‘చేయబడతాయి’ అన్నప్పుడు చేసేవాడు మాయమవుతాడు. తెలుగులో మనకు ఇంకో అలవాటు కూడా ఉంది, కర్తను వదిలేస్తాం. ‘నెలాఖరుకు చెల్లించాలి’ అని రాస్తాం. మాటల్లో అయితే ఎవరో తెలిసిపోతుంది, ఒప్పందంలో తెలియదు. అందుకే ప్రతి వాక్యం మొదట్లో కర్తను పెట్టండి, చదవడానికి విసుగ్గా ఉన్నా సరే. ఇద్దరినీ ‘సంస్థ’ అనకండి. మేము ఒకరిని ‘సంఘం’ అని, ఇంకొకరిని ‘కాలేజీ’ అని మొదటి పేరాలోనే నిర్వచించుకుని చివరిదాకా అవే వాడాం. ‘ఉభయులు’ అన్న మాట ఎక్కడ కనిపించినా ఆగి, ఈ పని నిజంగా ఇద్దరూ చేస్తారా అని చూసుకున్నాం. చాలాచోట్ల చేసేది ఒక్కరే.

కరెంటు సంగతి రెండోసారి ఇలా రాశాం: «కాలేజీ తన ఖర్చుతో రెండు గదులకు సబ్-మీటరు పెట్టిస్తుంది. సంఘం కరెంటు బిల్లు వచ్చిన 3 రోజుల్లో బిల్లు ఫొటో, సబ్-మీటరు రీడింగు ఫొటో కాలేజీకి పంపుతుంది. కాలేజీ ఆ యూనిట్ల సొమ్మును 10 రోజుల్లో సంఘం బ్యాంకు ఖాతాలో జమ చేస్తుంది.» ఎవరు, ఏమి, ఎప్పటిలోగా, ఎవరి ఖర్చుతో, ఏది చూసి తేలుస్తారు అన్న అయిదూ ఇందులో ఉన్నాయి. మాస్టారి హాజరుకు, ఫీజుకు, సర్టిఫికెట్‌కు కూడా ఇలాగే రాశాం. బాధ్యుడి దగ్గర మనిషి పేరు కాకుండా ‘ప్రిన్సిపాల్’, ‘కార్యదర్శి’ అని హోదా రాయండి. మనుషులు మారతారు, మా కమిటీ అయితే రెండేళ్ళకోసారి మారుతుంది. ఒక్క పేజీలో ఇదంతా పట్టదు, మాది నాలుగు పేజీలు అయింది.

గడువు రాయకపోతే అది శాశ్వతం అయిపోదు. ముగింపు లేని ఒప్పందాన్ని సముచితమైన ముందస్తు నోటీసు ఇచ్చి ఆపవచ్చనే సాధారణంగా అర్థం చేసుకుంటారు. ఎన్ని రోజులు ‘సముచితం’ అన్నదే అప్పుడు కొత్త తగాదా. ‘సంతకం చేసిన తేదీ నుంచి మూడేళ్ళు’ అన్నా చాలదు. మేము ఇక్కడ సంతకం పెట్టి పంపితే వాళ్ళ పాలకమండలి పెట్టేసరికి పద్దెనిమిది రోజులు పట్టింది, ఏ తేదీ లెక్క? కాబట్టి «2022 జులై 1 నుంచి 2025 జూన్ 30 వరకు, రెండు రోజులూ కలుపుకుని» అని రాశాం. పొడిగించాలంటే గడువుకు 60 రోజుల ముందే ఇద్దరూ రాసి సంతకం పెట్టాలి, మౌనంగా ఉంటే పొడిగించినట్టు కాదు అని కూడా చేర్చాం. నాలుగు నెలల కోర్సు కాబట్టి గడువు లోపల పూర్తి కాని బ్యాచ్ ఏదీ మొదలుపెట్టకూడదని ఒక వాక్యం పెట్టాం. మా 22 మందిని తలచుకుని రాసిన వాక్యం అది.

ఇక అపశకునం మాట. ముగింపు నిబంధన రాస్తామంటే మా కమిటీలో పెద్దాయన ఒకరు బాధపడ్డారు, ‘పెళ్ళిలో విడాకుల మాట ఎందుకురా’ అని. ఆయన మీద నాకు గౌరవం ఉంది, కానీ ఒప్పుకోలేదు. పెళ్ళికి విడిపోయే దారి చట్టంలోనే రాసి ఉంది. రెండు సంస్థల ఒప్పందానికి ఆ దారి మనం రాసుకుంటేనే స్పష్టంగా ఉంటుంది.

మేము రాసింది ఇది: «ఏ పక్షమైనా కారణం చెప్పకుండా 60 రోజుల నోటీసుతో వైదొలగవచ్చు. నోటీసు స్పీడ్ పోస్టులో పై చిరునామాకు పంపాలి, అందిన మర్నాటి నుంచి లెక్క. నోటీసు గడువు లేదా నడుస్తున్న బ్యాచ్ ముగింపు, ఈ రెంటిలో ఏది ఆలస్యమైతే ఆ రోజు ఒప్పందం ముగుస్తుంది.» తప్పు చేసిన పక్షానికి వేరే నిబంధన ఉంది: తప్పు ఏదో రాసి చెప్పి, దిద్దుకోవడానికి 15 రోజులిచ్చి, దిద్దుకోకపోతేనే రద్దు. ఈ రెంటినీ కలిపి ఒకే వాక్యంలో రాస్తే, ఇష్టం లేక వెళ్ళేవాడు కూడా ఎదుటివాడి మీద తప్పు వెతకాల్సి వస్తుంది.

వెళ్ళడం ఒక ఎత్తు, వెళ్ళాక మిగిలేవి ఒక ఎత్తు. 10 కంప్యూటర్లలో 6 కాలేజీవి, 4 మావి. ఎవరిది ఏదో సీరియల్ నంబరుతో సహా అనుబంధంలో రాశాం. ముగిసిన 7 రోజుల్లో లెక్క చూసి అప్పగింతలు జరగాలి. తాళాలు, బోర్డు మీద పేరు, మిగిలిన ఫీజు డబ్బు, పిల్లల రికార్డులు కూడా అందులో ఉన్నాయి. గదులు వాడుకోవడానికి అనుమతి మాత్రమే ఇచ్చామని, అద్దె హక్కు కాదని కూడా రాశాం. బాకీలు, సర్టిఫికెట్లు ఇచ్చే బాధ్యత ఒప్పందం ముగిసినా ఉంటాయని మరిచిపోకుండా రాయండి.

మన సరిహద్దు జిల్లాలకు ఇంకో చిక్కు ఉంది. సభ్యుల కోసం తెలుగులో ఒకటి, ఆఫీసుల కోసం ఇంగ్లీషులోనో ఒడియాలోనో ఒకటి తయారుచేస్తాం. రెంటి మధ్య తేడా వస్తే ఏ ప్రతి చెల్లుతుందో రాయాలి. తగాదా వస్తే పర్లాకిమిడి కోర్టా, శ్రీకాకుళం కోర్టా అన్నది కూడా రాయాలి. అయితే చట్టప్రకారం ఆ వివాదం మీద అధికారం ఉన్న కోర్టుల్లోంచే ఎంచుకోగలం. అధికారం లేని కోర్టుకు మన సంతకాలతో అధికారం రాదు.

2024లో కాలేజీ వాళ్ళకు సొంత భవనం వచ్చింది. నోటీసు మార్చి 11న మాకు అందింది. 60 రోజులు మే 10తో అయిపోయాయి, బ్యాచ్ మాత్రం ఫిబ్రవరి 1న మొదలైంది, మే 31 దాకా ఉంది. మాస్టారు మే 31 వరకు వచ్చారు, ఎవరూ ఎవరినీ బతిమాలలేదు. జూన్ 7న వ్యాను తెచ్చి సామాను ఎక్కించుకుంటుంటే ఒక మానిటరు దగ్గర మాట వచ్చింది, వాళ్ళదని వాళ్ళు, మాదని మేము. అనుబంధం తీసి వెనక స్టిక్కరు మీది నంబరుతో పోల్చి చూశాం. మాదే. వాళ్ళ కుర్రాడే వ్యానులోంచి దించి, మళ్ళీ బల్ల మీద పెట్టి, వైరు కూడా తగిలించి వెళ్ళాడు.