గుండెనొప్పి ఎడమ చేతిలో ఎందుకు? ఒక ఫార్వర్డ్ సందేశానికి ఖండన

«గుండె నుంచి ఒక నరం నేరుగా ఎడమ చేతికి వెళ్తుంది. గుండెలో బ్లాక్ వస్తే ఆ నరంలో రక్తం ఆగి చెయ్యి లాగుతుంది. కుడి చెయ్యి లాగితే వాతం, దవడ నొప్పి వస్తే పన్ను. ఎడమ చెయ్యి లాగకపోతే అది గ్యాసే, భయపడకండి. అందరికీ పంపండి.»

గందరగోళం ‘నరం’ అనే మాట దగ్గరే మొదలవుతుంది. సెలైన్ పెట్టే నర్సు ‘నరం దొరకడం లేదు’ అంటే సిర దొరకలేదని అర్థం; నడుం పట్టేసినవాడు ‘నరం నొక్కుకుంది’ అంటే స్పర్శను, నొప్పిని మోసే నాడి అని అర్థం. వాడుకలో రెంటికీ ఒకే మాట సరిపోయింది గానీ, ఈ సందేశంలో ఆ రెండూ కలిసిపోయి శరీరంలో లేని ఒక గొట్టం తయారైంది. గుండె కండరానికి రక్తం అందించేవి కరోనరీ ధమనులు. అవి గుండె చుట్టూ అల్లుకొని అక్కడే ముగుస్తాయి. ఎడమ చేతికి రక్తం బృహద్ధమని నుంచి విడిగా చీలిన మరో కొమ్మ ద్వారా వెళ్తుంది. కాబట్టి కరోనరీలో అడ్డంకి ఏర్పడితే రక్తం అందనిది గుండె కండరానికే. చేతి ధమనే నిజంగా మూసుకుపోతే చెయ్యి పాలిపోతుంది, చల్లబడుతుంది, మణికట్టు దగ్గర నాడి కొట్టుకోవడం తెలియదు; అది వేరే అత్యవసర జబ్బు. గుండెనొప్పితో చెయ్యి లాగుతున్న మనిషికి మాత్రం సాధారణంగా రెండు చేతుల్లోనూ నాడి సమానంగా కొట్టుకుంటుంది. చేతిలో దెబ్బతిన్నది ఏమీ ఉండదు.

అయినా నొప్పి అక్కడ ఎందుకు తెలుస్తుందన్నదే అసలు విషయం. గుండెకు చర్మానికి ఉన్నట్టు తాకిడి తెలియదు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వీ దగ్గరకు ఒక యువకుణ్ణి తీసుకొచ్చారు. చిన్నప్పటి గాయం వల్ల అతని ఛాతీకి ఎడమవైపు తెరుచుకొనే ఉన్న రంధ్రంలో గుండె కొట్టుకోవడం కనిపించేది. హార్వీ దాన్ని వేళ్లతో తాకినా, అటు చూడకుండా, పై చర్మానికి వేలు తగలకుండా ఉంటే ఆ యువకుడికి తాకిన సంగతే తెలియలేదు. గుండెలోని నాడీ కొసలను కదిలించేది రక్తం చాలనప్పుడు కండరంలో పేరుకొనే అడినోసిన్, ఆమ్లం, బ్రాడికైనిన్ లాంటి రసాయనాలు. స్కానింగ్ కోసం సిరలోకి అడినోసిన్ ఎక్కించినప్పుడు, ధమనుల్లో ఏ అడ్డంకీ లేనివారికి కూడా కొన్నిసార్లు ఛాతీ బిగుసుకున్నట్టు అనిపించడం వైద్యులకు పరిచయమైన విషయమే.

ఆ సంకేతాలను మోసే సన్నని నాడీతంతువులు సింపథెటిక్ నాడుల వెంట నడిచి, వెన్నుపాములో ఛాతీ భాగపు మొదటి నాలుగైదు ఖండాల్లోకి చేరతాయి. అదే ఖండాల్లోకి ఛాతీ ముందుభాగపు చర్మం నుంచి, చంక నుంచి, చేతి లోపలి పక్క నుంచి వచ్చే తంతువులు కూడా చేరతాయి. కీలకం ఇక్కడే ఉంది: వెన్నుపాములోని ఒకే నాడీకణం మీద గుండె తంతువు, చేతి తంతువు రెండూ వచ్చి వాలతాయి, అక్కడి నుంచి మెదడుకు వెళ్లే దారి ఒక్కటే. పుట్టినప్పటి నుంచీ ఆ దారిన వచ్చిన కబుర్లు చేతివీ ఛాతీవీ కాబట్టి, గుండె నుంచి కబురు వచ్చిన రోజున కూడా మెదడు దాన్ని చేతి ఖాతాలోనే వేస్తుంది. రిఫర్డ్ పెయిన్ అంటే ఇదే. ఆ నొప్పి భుజం దగ్గర మొదలై మోచేతి లోపలి పక్కగా చిటికెన వేలి వైపు దిగడం, బొటనవేలి వైపు అంతగా వెళ్లకపోవడం ఈ ఖండాల పంపకానికి సరిగ్గా సరిపోతాయి. గుండె మార్పిడి జరిగినవారిలో కొత్త గుండెకు ఈ తంతువులు తెగి ఉంటాయి. అందుకే వారిలో చాలామందికి ధమనులు మూసుకుపోతున్నా నొప్పి తెలియదు.

ఇక కుడి చెయ్యి. గుండె తంతువులు వెన్నుపాముకు రెండు వైపులా చేరతాయి. ఎడమవైపు మోత ఎక్కువ కాబట్టి ఎడమ చెయ్యి తరచుగా వినిపిస్తుంది, అంతే. ఛాతీనొప్పి రెండు చేతులకూ పాకితే వైద్యులు గుండెపోటును మరింత గట్టిగా అనుమానిస్తారు. కుడి చేతిని వాతం కింద కొట్టేయడం ఈ సందేశంలోని ప్రమాదకరమైన మాటల్లో ఒకటి.

దవడ దారి వేరు. గుండె నుంచి వేగస్ నాడి మోసే సంకేతాలు మెదడు కాండానికి చేరి, అక్కడి నుంచి మెడ పైభాగపు వెన్నుపాము కణాలను కదిలిస్తాయి. ముఖానికి, పళ్లకు చెందిన ట్రైజెమినల్ నాడి తంతువులు కూడా కిందికి దిగి దాదాపు అక్కడికే వస్తాయి. మా బాబాయి విషయంలో ఈ దారే మమ్మల్ని మూడు నెలలు తిప్పింది. ఆయనకు యాభై ఎనిమిదేళ్లు, మూడో అంతస్తులో కాపురం. రెండో అంతస్తు మెట్లు దాటేసరికి కింది దవడ, ఎడమవైపు దంతాలు లాగేవి. గుమ్మంలో కుర్చీ వేసుకొని అయిదు నిమిషాలు కూర్చుంటే పోయేది. ఒక పళ్ల డాక్టరు పన్ను తీశాడు. మెట్ల మీద నొప్పి మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు తలుచుకుంటే సాక్ష్యం మొత్తం కళ్లముందే ఉంది: చల్లనీళ్లు తాగితే జివ్వుమనలేదు, పన్ను మీద తట్టితే నొప్పి లేదు, నమిలేటప్పుడు లేదు, నడిస్తే వచ్చింది, ఆగితే పోయింది. పంటినొప్పి మెట్లు లెక్కపెట్టదు. కూర్చున్నప్పుడు తీసిన ఈసీజీ మామూలుగానే వచ్చింది. ట్రెడ్‌మిల్ మీద నడిపించినప్పుడు దవడ లాగడంతో పాటు ఈసీజీ కూడా మారింది. యాంజియోగ్రామ్‌లో రెండు ధమనులు ఇరుకైనట్టు తేలింది.

గ్యాస్ మాటలో ఒక్క సత్యపు తునక ఉంది. అన్నవాహిక తంతువులు కూడా వెన్నుపాములో దాదాపు ఇవే ఖండాల్లోకి వస్తాయి. కాబట్టి పుల్లటి త్రేన్పుల మంట గుండెనొప్పిలా అనిపించగలదు, గుండెనొప్పి గ్యాస్‌లా అనిపించగలదు. అయితే పొరపాటు రెండు వైపులా జరుగుతుంది కనుకనే చెయ్యి లాగలేదన్నది నిర్ధారణకు పనికిరాదు. యాంటాసిడ్ తాగాక తగ్గిందన్నదీ పనికిరాదు. నాలుక కింద పెట్టుకొనే నైట్రేట్ మాత్రకు తగ్గిందన్నదీ పనికిరాదు, ఎందుకంటే ఆ మాత్ర అన్నవాహిక కండరాన్ని కూడా సడలిస్తుంది. పైగా చాలాకాలంగా మధుమేహం ఉన్నవారిలో ఈ తంతువులే దెబ్బతిని ఉండవచ్చు. వారికి గుండెపోటు ఆయాసంగానో, చల్లటి చెమటగానో, వాంతిగానో మాత్రమే బయటపడవచ్చు. వృద్ధుల్లోనూ, స్త్రీలలోనూ ఇలా జరగడం అరుదేమీ కాదు.

చేతిని నొక్కినా, తిప్పినా నొప్పి పెరిగితే, వేలితో చూపించగలిగేంత చిన్న చోటే నొప్పి ఉంటే కండరమో కీలో కారణమయ్యే అవకాశం ఎక్కువ. రిఫర్డ్ పెయిన్‌ను ఎక్కడని అడిగితే మనిషి సాధారణంగా వేలు కాదు, అరచేయి మొత్తం ఛాతీ మీద పెట్టి చూపిస్తాడు. ఇది అవకాశమే, ఖాయం కాదు. ఛాతీలోనో చేతుల్లోనో దవడలోనో బిగుతు కూర్చున్నా తగ్గకుండా పది పదిహేను నిమిషాలు ఉంటే, లేదా చెమట, ఆయాసం తోడైతే 108కు ఫోన్ చేయాలి. బండి నడుపుకుంటూ వెళ్లకూడదు. ఆసుపత్రికి చేరిన పది నిమిషాల్లోపే ఈసీజీ తీయాలి. అది మామూలుగా ఉన్నా నొప్పి కొనసాగుతుంటే మళ్లీ తీస్తారు. ట్రోపోనిన్ రక్తపరీక్ష మొదటిసారి మామూలుగా వచ్చినా కొన్ని గంటల తేడాతో రెండోసారి చేస్తారు, ఎందుకంటే దెబ్బతిన్న కండరం నుంచి ఆ ప్రొటీను రక్తంలోకి పరీక్షకు అందేంతగా చేరడానికి సమయం పడుతుంది.