రాగి చెంబును సున్నా కెల్విన్‌కు దింపినా అందులో ఎలక్ట్రాన్లు ఆగవు

"సున్నా కెల్విన్ దగ్గర ఎలక్ట్రాన్లతో సహా అన్ని కదలికలూ ఆగిపోతాయి." ఈ వాక్యం ఎక్కడ కనబడినా నాకు ఒళ్ళు మండుతుంది. తిరుపతిలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేదాన్ని నేను. మొన్న ఒక అమ్మాయి పట్టుకొచ్చిన గైడులో ఇది అచ్చంగా ఇట్లాగే ఉంది, రెండు పేజీలు తిప్పితే అదే గైడులో రాగికి ఫెర్మి శక్తి 7 ఎలక్ట్రాన్ వోల్టులని టేబుల్ కూడా ఉంది. ఆగిపోయిన ఎలక్ట్రాన్‌కు 7 ఎలక్ట్రాన్ వోల్టుల గతిశక్తి ఎక్కడి నుంచి వచ్చింది? ఆ ప్రశ్న ఎవరూ అడగరు. పిల్లలు రెండూ బట్టీ కొడతారు, పరీక్షలో రెండింటికీ మార్కులు పడతాయి.

తప్పు ఎక్కడ మొదలవుతుందంటే, ఇంటర్‌లో వాయువుల పాఠం దగ్గర. అక్కడ అణువు సగటు గతిశక్తి (3/2)kT అని నేర్పిస్తాం, T సున్నా అయితే శక్తి సున్నా. పలచటి వాయువుకు మామూలు ఉష్ణోగ్రతల్లో అది చక్కగా సరిపోతుంది కూడా. అదే సూత్రాన్ని తీసుకెళ్ళి లోహంలోని ఎలక్ట్రాన్లకు అంటగడతాం. వాటికి ఇంకో నియమం ఉంది, 1925లో పౌలీ చెప్పినది: ఒక్కో స్థితిలో ఒక్క ఎలక్ట్రానే ఉండాలి. స్పిన్‌ను వేరుగా లెక్కపెడితే, ఒక్కో తరంగానికి ఇద్దరే.

ఇప్పుడు ఇంట్లో ఉండే రాగి చెంబునే తీసుకుందాం, మూడు వందల గ్రాములది. రాగిలో పరమాణువుకు ఒక ఎలక్ట్రాన్ స్వేచ్ఛగా తిరుగుతుందనుకుంటే చెంబు మొత్తంలో దాదాపు 2.8 × 10²⁴ ఎలక్ట్రాన్లు. ఘనపు మీటరుకు లెక్కేస్తే n = 8.5 × 10²⁸. వీటన్నిటినీ అతి తక్కువ శక్తి ఉన్న స్థితి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటిగా కూర్చోబెట్టుకుంటూ పోవాలి. కొండమీద వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో రద్దీ రోజున కంపార్టుమెంట్లు వరసగా నిండిపోయి, వెనక వచ్చినవాళ్ళు శిలాతోరణం దాకా నిలబడాల్సి వస్తుంది చూశారా, వాళ్ళు ఇష్టపడి అంత దూరంలో నిలబడలేదు, ముందర ఖాళీ లేదు, అంతే. చివరి ఎలక్ట్రాన్‌కు దొరికే స్థితి శక్తే ఫెర్మి శక్తి:

```
E_F = (ħ²/2m) (3π²n)^(2/3)
```

ఇందులో T ఎక్కడుందో చూపించండి. లేదు. ఉన్నదల్లా n, అంటే ఎలక్ట్రాన్లు ఎంత దట్టంగా ఉన్నాయన్నది. అందుకే చెంబును సగానికి కోసినా ఫెర్మి శక్తి మారదు. రాగి సంఖ్యలు వేస్తే 7 ఎలక్ట్రాన్ వోల్టులు వస్తాయి. ఆ శక్తి ఉన్న ఎలక్ట్రాన్ వేగం సెకనుకు దాదాపు 1,570 కిలోమీటర్లు. మామూలు వాయువు అణువుకు సగటున అంత శక్తి రావాలంటే దాన్ని సూర్యుడి ఉపరితలం కన్నా ఎన్నో రెట్లు వేడి చేయాలి, ఇక్కడ మాత్రం అది సున్నా కెల్విన్‌లోనే ఉంది.

కొందరు తెలివిగా "అది అనిశ్చితత్వ నియమం వల్ల మేడమ్, డబ్బాలో బంధిస్తే ఎలక్ట్రాన్ ఆగదు కదా" అంటారు. మాట నిజమే, కానీ లెక్క వేసి చూడండి. ఒక సెంటీమీటరు రాగి ముక్కలో ఒక్క ఎలక్ట్రానే ఉంటే దాని కనీస శక్తి సుమారు 10⁻¹⁴ ఎలక్ట్రాన్ వోల్టులు. ఏడుకూ దీనికీ పొంతనే లేదు. పౌలీ నియమం లేకపోతే మొత్తం ఎలక్ట్రాన్లన్నీ ఆ అట్టడుగు స్థితిలోనే గుమిగూడేవి. ఇంకొందరు ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి వికర్షించుకోవడం వల్ల అంటారు. ఈ నమూనాలో ఆ వికర్షణను లెక్కలోకే తీసుకోలేదు, అయినా 7 వచ్చింది.

మరి ఇంత వేగంగా పరిగెత్తుతుంటే చెంబులో కరెంటు ఎందుకు పుట్టదు? కుడికి పోయే ప్రతి ఎలక్ట్రాన్‌కూ అదే వేగంతో ఎడమకు పోయేది ఇంకొకటి ఉంది. మొత్తం కలిపితే సున్నా.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన లెక్క ఇది. ఎలక్ట్రాన్ సగటు శక్తి E_Fలో అయిదింట మూడు వంతులు, అంటే 4.2 ఎలక్ట్రాన్ వోల్టులు. చెంబులోని ఎలక్ట్రాన్లన్నిటికీ కలిపితే దాదాపు 19 లక్షల జూళ్ళు. ఆరు లీటర్ల పైచిలుకు కుళాయి నీళ్ళను మరిగే దాకా కాచేంత శక్తి, సున్నా కెల్విన్‌లో, మూడు వందల గ్రాముల రాగిలో! అదే చెంబును సున్నా నుంచి మన గది ఉష్ణోగ్రతకు తెస్తే ఎలక్ట్రాన్లకు అదనంగా చేరేది వంద జూళ్ళ చిల్లర మాత్రమే. ఆ 19 లక్షల్లోంచి ఒక్క జూలు కూడా మనం బయటికి తీసుకోలేం, ఎందుకంటే కింద స్థితులన్నీ నిండే ఉన్నాయి, ఏ ఎలక్ట్రానూ దిగడానికి చోటు లేదు. సున్నా కెల్విన్ అంటే అర్థం ఇదే: వ్యవస్థ నుంచి ఇక తీయగలిగిన శక్తి లేదు అని. లోపల శక్తి లేదని కాదు, కదలిక లేదని అసలే కాదు.

ఇదంతా కాగితం మీద లెక్క కాదా అంటే, కాదు. 1900లో డ్రూడ్ ఎలక్ట్రాన్లను మామూలు వాయువులా భావించాడు. అట్లయితే ఒక మోల్ రాగి ఉష్ణధారణలో పరమాణువుల కంపనాలకు 25 జూళ్ళు పోను ఎలక్ట్రాన్ల వాటాగా డిగ్రీకి ఇంకో 12.5 జూళ్ళు కనబడాలి. కొలిస్తే ఆ అదనం కనబడదు. ఏళ్ళ తరబడి ఎవరికీ అంతుపట్టలేదు. 1927, 28ల్లో సోమర్‌ఫెల్డ్ ఫెర్మి లెక్కను లోహానికి వర్తింపజేశాక ముడి విడింది. గది వేడి ఒక్కో ఎలక్ట్రాన్‌కు ఇవ్వగలిగింది 0.025 ఎలక్ట్రాన్ వోల్టులు. లోతున ఉన్నదాన్ని అంత మాత్రం పైకి తోస్తే అక్కడ అప్పటికే ఇంకొకటి ఉంటుంది. కాబట్టి కదలగలిగేవి పైఅంచున ఉన్న కొద్దిపాటివే, మొత్తంలో ఒక శాతానికి లోపు. ఎలక్ట్రాన్ల వాటా 12.5 కాదు, దాదాపు 0.2 జూళ్ళు.

ఆ కొంచెం కూడా కొలవొచ్చు. కొన్ని కెల్విన్‌ల దగ్గర ఉష్ణధారణ Cలో పరమాణువుల కంపనాల వంతు T³ లెక్కన పడిపోతుంది, ఎలక్ట్రాన్ల వంతు T లెక్కనే తగ్గుతుంది. అందుకని C/T ని T² మీద గ్రాఫ్ గీస్తే సరళరేఖ వస్తుంది, అది నిలువు అక్షాన్ని తాకే చోటే ఎలక్ట్రాన్ల సంతకం. రాగికి కొలత 0.695, స్వేచ్ఛా ఎలక్ట్రాన్ లెక్క 0.505, మోల్‌కు మిల్లీజూళ్ళలో, కెల్విన్ వర్గానికి. తేడా ఉంది, దాచాల్సిన పని లేదు. ఎలక్ట్రాన్లు నిజంగా పూర్తి స్వేచ్ఛగా లేవు, పరమాణువుల అమరికా కంపనాలూ వాటిని ప్రభావితం చేస్తాయి. అయినా డ్రూడ్ అంచనాలా అరవై రెట్లు తప్పడం ఎక్కడ, ఇది ఎక్కడ?

కాబట్టి తోటి లెక్చరర్లకు నా మనవి. "సున్నా కెల్విన్‌లో ఎలక్ట్రాన్లు ఆగిపోతాయి" అని రాసిన పేపరు మీ ముందుకొస్తే దయచేసి మార్కు వేయకండి. పక్కన ఎర్ర ఇంకుతో E_F సూత్రం రాసి, ఇందులో T ఎక్కడ అని అడగండి.