తప్పు దొరికింది సరే, డబ్బు తిరిగి వచ్చిందా?

సర్పంచ్‌గా పోటీ చేయాలంటే 21 ఏళ్లు నిండాలి, రాష్ట్రపతి పదవికైతే 35. మన బడుల్లో పౌరశాస్త్రం అంటే చాలావరకు ఇదే, పరీక్షలో ఒక మార్కు బిట్టు. గ్రామసభ మీద కూడా ఒక పేజీ ఉంటుంది కానీ, పంచాయతీ ఖర్చుల లెక్క చూపించమని అడిగితే చూపిస్తారో లేదో, చూపించకపోతే ఎవరి దగ్గరికి పోవాలో అందులో ఉండదు. ఊళ్లో ముసలివాళ్లకు ఆ పేజీ కూడా లేదు. ప్రభుత్వం అంటే వాళ్లకు ఒక మనిషి. 1984లో కరణాల, పటేళ్ల వ్యవస్థ రద్దయ్యేదాకా కరణమో పటేలో, తర్వాత సర్పంచో ఎమ్మెల్యేనో. పని చేసిపెడితే మంచోడు, లేకపోతే మన ఖర్మ. మనిషిని నమ్మడమే తప్ప ఆఫీసును నమ్మడం అనే ఆలోచన వాళ్ల తరానికి పెద్దగా తగల్లేదు.

ఈ అలవాటును గట్టిగా కదిలించింది, నా దృష్టిలో, బడి కాదు. ఉపాధి హామీ పనుల మీద జరిగిన సామాజిక తనిఖీ. 2006 ఫిబ్రవరిలో ఈ పథకం అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. చట్టంలోని 17వ సెక్షన్ తనిఖీ బాధ్యతను గ్రామసభకే ఇచ్చింది. చాలా రాష్ట్రాలు దాన్ని కాగితం మీదే ఉంచితే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మాత్రం దానికోసం 2009లో ఒక ప్రత్యేక సొసైటీనే పెట్టింది.

పద్ధతి చూడండి. కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లల్ని ఎంచుకుని కొద్దిరోజులు శిక్షణ ఇస్తారు. సొంత ఊరు కాకుండా వేరే ఊరు అప్పగిస్తారు, మొహమాటాలూ బెదిరింపులూ తగ్గాలని. మస్టర్లు అనే హాజరు పట్టీలు, కొలతల పుస్తకం, చెల్లింపుల వివరాలు పట్టుకుని వాళ్లు ఇంటింటికీ తిరుగుతారు. ఉదాహరణకు మస్టర్‌లో ఒకామె పేరు మీద ఆరు రోజుల పని ఉంది, రోజుకు వంద చొప్పున ఆరు వందలు చెల్లించినట్టు ఉంది. ఆమెనే అడుగుతారు: అమ్మా, ఎన్ని రోజులు పోయావు, చేతికెంత వచ్చింది? మూడు రోజులే పోయానంటే మిగతా మూడు వందలు ఎవరు తిన్నారన్న ప్రశ్న వస్తుంది. ఆమె మాట రాసుకుంటారు, గ్రామసభలో చదువుతారు, తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి అధికారుల ముందు మళ్లీ చదువుతారు. ఊళ్లో ఆ పనులూ హాజరూ చూసే ఫీల్డ్ అసిస్టెంట్ అక్కడే నిలబడి జవాబు చెప్పుకోవాలి.

బతుకంతా ‘సార్’ అని తలొంచుకున్న మనిషి, మైకు ముందు ఆ సారు లెక్క తప్పని చెప్పడం చిన్న విషయం కాదు. ప్రభుత్వం తప్పును ప్రభుత్వమే పెట్టిన వేదిక మీద చెప్పొచ్చని ఆమెకు తెలిసింది, ఇంటికెళ్లి పిల్లలకూ చెప్పింది. ఏ పాఠ్యపుస్తకం నేర్పగలదు దీన్ని?

అయితే ఇక్కడితో ఆపేస్తే అబద్ధం అవుతుంది. 2006 నుంచి 2010 వరకు ఎనిమిది జిల్లాల తనిఖీ నివేదికల్ని ఫర్జానా అఫ్రిదీ, వెగార్డ్ ఐవర్సన్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించారు. కూలి ఎగ్గొట్టడం లాంటివి తగ్గాయి గానీ మెటీరియల్ ఖర్చుల్లో అక్రమాలు పెరిగాయి, మొత్తం మీద అక్రమాలు తగ్గినట్టు కనపడలేదు. కారణం కష్టమైనదేం కాదు. తన కూలి ఎంతో కూలీకి తెలుసు, రోడ్డుకు 40 ట్రాక్టర్ల గ్రావెల్ పోశామని రాస్తే నిజంగా ఎన్ని పోశారో ఎవరు లెక్కపెట్టారు? పట్టుబడే చోట తినడం మానేసి పట్టుబడని చోటికి మారారు. ఇంతకన్నా ఇబ్బంది పెట్టే సంగతి ఇంకోటుంది. గల్లంతైందని తేల్చిన డబ్బులో ఎక్కువ భాగం రికవరీ కాలేదు, ఉద్యోగం పోయినవాళ్లు చాలా తక్కువ.

ఇప్పుడు ఆ ఇంట్లో పిల్లాడి వైపు నుంచి చూడండి. అమ్మ వేదికెక్కి ధైర్యంగా చెప్పింది, తప్పని అందరి ముందూ ఒప్పుకున్నారు, రెండేళ్ల తర్వాత అదే మనిషి అదే ఊళ్లో అదే పనిలో ఉన్నాడు. తాతకు ఆశే లేదు కాబట్టి నిరాశా లేదు. వీడికి హక్కు తెలుసు, పద్ధతి తెలుసు, అది తెగిపోయే చోటు కూడా తెలుసు. అందుకే ఈ తరం కుర్రాళ్లు దేన్నీ నమ్మరని, ఎప్పుడూ ఫోన్లో తిట్టడమేనని పెద్దలు విసుక్కుంటుంటే నాకు పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు. తెలియక నమ్మకపోవడం వేరు, చూసి నమ్మకపోవడం వేరు. రెండో రకానికి ఇంకో పాఠం చెబితే లాభం లేదు.

2023 జనవరి నుంచి హాజరు ఫోన్ యాప్‌లో ఫొటోలతో తీసుకోవడం తప్పనిసరి చేశారు. దొంగ హాజరు ఆపడానికే అన్నారు. సరే, కానీ కూలీ చేతిలో పట్టుకుని, కొడుకు చేత చదివించుకుని, ఇది తప్పు అని వేలు పెట్టి చూపించగలిగిన మస్టర్ కాగితం వెనక్కి పోయింది. ఫొటో అప్‌లోడ్ కాకపోతే ఆ రోజు కూలి కోసం మళ్లీ ఎవరో ఒక సారు దగ్గరికే పోవాలి.

పౌరశాస్త్రం బాగుచేయాలని నిజంగా ఉంటే తొమ్మిదో తరగతి పిల్లల్ని గ్రామసభకు తీసుకెళ్లి, ఊళ్లో వేసిన ఒక సిమెంటు రోడ్డు బిల్లు చేతికిచ్చి, టేపుతో పొడవూ వెడల్పూ కొలిపించవచ్చు. పెద్ద ఖర్చేం కాదు. కానీ దానికన్నా ముందు ప్రజావేదికల నియమం ఒకటి మార్చాలి: కొత్త ఫిర్యాదు చదివే ముందు, పోయినసారి తేల్చిన సొమ్ములో ఎంత వసూలైంది, ఎవరి దగ్గర ఆగింది, ఎందుకు ఆగింది అన్నది సంబంధిత అధికారి పేరుతో సహా అదే మైకులో చదవాలి.