మిల్లు బిల్లు తగ్గించినవాడికి రోజు కూలీయేనా?

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో సొంతంగా ప్యానెల్ పనులు చేసుకునే ఎలక్ట్రీషియన్‌ను కొటేషన్ అడిగితే ఏం చెప్తాడో తెలిసిందే. ఎన్ని రోజులు పడుతుంది, రోజుకు ఎంత, పెట్రోలు ఎంత, పైన కొంత లాభం. ఖర్చు మీద లాభం వేసే ఈ పద్ధతి ఇద్దరికీ న్యాయంగానే కనిపిస్తుంది. కానీ పని తెలిసినవాడిని ఏళ్ల తరబడి అక్కడే కట్టి పడేస్తున్నది ఇదే.

పవర్ ఫ్యాక్టర్ సరిచేసే పని ఒక్కటే తీసుకుందాం. లైన్ నుంచి లాగినదాంట్లో నిజంగా పనికొచ్చిన వంతే పవర్ ఫ్యాక్టర్, దాన్ని పెంచడానికి ప్యానెల్లో పెట్టేవే కెపాసిటర్లు. హెచ్‌టీ, అంటే ఎక్కువ ఓల్టేజీ కనెక్షన్ ఉన్న మిల్లుకు మన దగ్గర కరెంటు బిల్లు కేవీఏహెచ్ లెక్కన వస్తుంది, అంటే పనికొచ్చిన యూనిట్లకే కాదు, లైన్ నుంచి లాగిన మొత్తానికి. కెపాసిటర్లు పాడైతే మోటారు ఆగదు, మర ఆగదు, బిల్లు మాత్రం పెరుగుతుంది. మిల్లు నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. తెలిసినవాడు వచ్చి క్లాంప్ మీటర్ పెడితే గుట్టు బయటపడుతుంది: 25 కేవీఏఆర్ కెపాసిటర్ ఒక్కో ఫేజులో దాదాపు 33 ఆంపియర్లు లాగాలి, అది 12 చూపిస్తుంటే పేరుకే ప్యానెల్లో ఉన్నట్టు.

నెలకు 50,000 యూనిట్లు వాడే మిల్లు అనుకోండి. పవర్ ఫ్యాక్టర్ 0.88 ఉంటే బిల్లు దాదాపు 56,800 కేవీఏహెచ్‌కు పడుతుంది. 0.98కి తెస్తే 51,000కు. లెక్క సులువుగా ఉండడానికి ఒక్కో కేవీఏహెచ్‌కు ఏడున్నర రూపాయలు అనుకుంటే నెలకు 43,500 రూపాయలు మిగిలినట్టే. ఏడాదికి ఏడు నెలలు మిల్లు ఆడినా మూడు లక్షలు దాటుతుంది. కెపాసిటర్లు మిల్లు యజమానే కొనిస్తాడు. మన ఎలక్ట్రీషియన్ మూడు రోజులకు 4,500, పెట్రోలుకు 600, దాని మీద పాతిక శాతం వేసి 6,400 తీసుకుని వెళ్లిపోతాడు. వచ్చే ఏడాది అనుభవం పెరిగి అదే పని రోజున్నరలో చేస్తే, వచ్చేది అందులో దాదాపు సగమే. పనితనం పెరిగేకొద్దీ సంపాదన తగ్గే లెక్క ఇది.

అలాగని మూడు లక్షలు మిగిల్చాను కాబట్టి లక్ష ఇమ్మంటే కుదరదు. విలువను బట్టి ధర అనగానే చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మిగులు మొత్తం మన విలువ కాదు. మనం లేకపోతే ఆ యజమాని ఏం చేసేవాడో చూడాలి. ఇంకొకరు ఎనిమిది వేలకు వచ్చి కెపాసిటర్లు మార్చి పోతారు. కానీ వాటిని వేసే, తీసే రిలే సెట్టింగ్ చూడకపోతే, కాలిన కాంటాక్టర్‌ను వదిలేస్తే ఫ్యాక్టర్ 0.93 దగ్గరే ఆగిపోవచ్చు. 0.93కీ 0.98కీ మధ్య ఉన్న తేడా నెలకు దాదాపు 20 వేలు. మనం బేరమాడాల్సింది ఆ తేడా మీద. అప్పుడు 30 వేలు అడగడం అత్యాశ కాదు: 10 వేలు ముందు, మిగతా 20 వేలు వరుసగా రెండు బిల్లుల్లో 0.97 దాటినట్టు కనిపించాక. మాట రాసుకునేటప్పుడు బిల్లు మొత్తాన్ని కొలతగా పెట్టొద్దు. సీజన్‌లో మర ఎక్కువ ఆడితే బిల్లు ఎలాగూ పెరుగుతుంది, తగాదా అక్కడే మొదలవుతుంది. పాత బిల్లులు ఏడాదివి ముందే తీసుకుని, వాటి మీద అచ్చయిన పవర్ ఫ్యాక్టర్‌నే కొలతగా పెట్టుకోవాలి.

చిన్న ఊళ్లో ఒకరి దగ్గర ఆరు వేలు, ఇంకొకరి దగ్గర ముప్పై వేలు అంటే పేరు పోతుందని కొందరంటారు. వైరు మార్చడం, స్టార్టర్ బిగించడం లాంటి పనుల్లో ఆ మాట నిజమే. వాటికి అందరికీ తెలిసిన రేటు ఉంది, అదే తీసుకోవాలి. ఫలితం బిల్లు మీద అచ్చయి కనిపించే పనికి మాత్రం ఆ భయం అక్కర్లేదు.

అసలు ఈ ఖర్చు లెక్క మనకు వడ్ల నుంచి అలవాటైంది. కేంద్రం 2018 బడ్జెట్‌లో మద్దతు ధరను ఖర్చుకు ఒకటిన్నర రెట్లు చేస్తామన్నది. ఏ ఖర్చుకు? చేతి నుంచి పెట్టిన పెట్టుబడికి, ఇంటి మనుషుల కష్టానికి. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ అందులో లేవు. అవి కూడా కలపాలన్నదే స్వామినాథన్ కమిషన్ పేరుతో రైతు సంఘాలు ఇన్నేళ్లుగా చేస్తున్న పోరాటం. రైతు కొడుకైన ఎలక్ట్రీషియన్ కూడా సరిగ్గా అవే వదిలేస్తున్నాడు: తన మీటర్ల ఖరీదు, పని నేర్చుకున్న ఏళ్లు, బాకీ వసూలుకు తిరిగిన రోజులు. ఖర్చు మీద ధర కట్టినంతకాలం ఏది ఖర్చు అన్న గొడవ తెగదు, అందులో గెలిచేది ఎప్పుడూ కొనేవాడే. రైతుకు ఆ గొడవ తప్పదు, ఎందుకంటే ఒకే రకం వడ్లు ఎవరి కల్లంలోవైనా ఒకటే. 0.93 దగ్గర ఆగిన పని, 0.98కి తెచ్చిన పని ఒకటి కావు. యాసంగి వడ్లు మిల్లులకు రాకముందే పాత బిల్లులు చూపించమని అడిగి, ఆ తేడాను యజమాని ముందే లెక్కకట్టి చూపించే హక్కు ఆ పనివాడికి ఉంది.