వ్యాకరణం సరిచూశాకే పేమెంట్

మాదాపూర్‌లో ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి ఘోర అన్యాయం జరిగింది. బ్రోచర్ డిజైన్ చేసిన కూకట్‌పల్లి అమ్మాయి జూన్ 3న ఫైనల్ ఫైళ్లు పంపుతూ, "కైండ్లీ కన్ఫర్మ్ వెన్ ద పేమెంట్ విల్ కమ్స్" అని మెయిల్ రాసింది. 'విల్' తర్వాత 'కమ్స్'! అరవై వేల రూపాయలు అడిగే పద్ధతేనా ఇది?

ఫైళ్లకు వంక పెట్టడానికేమీ లేదు. ప్రింటుకిచ్చే పీడీఎఫ్, కత్తిరింపు కోసం చుట్టూ వదిలే 3 మిల్లీమీటర్ల బ్లీడ్, వాడిన ఫాంట్లు, ఇన్‌వాయిస్ అన్నీ ఉన్నాయి. బ్రోచర్ ఆ వారమే ప్రెస్సుకు వెళ్లిపోయింది. మేనేజరు గారు మాత్రం భాషాభిమాని. పావుగంటలో 'కమ్స్' మీద ఎర్ర రంగు పూసి, కాస్త ప్రొఫెషనల్‌గా రాయమని సలహా ఇచ్చారు. డబ్బులెప్పుడన్నదానికి జవాబు లేదు. తర్వాత ఫోన్ చేస్తే అకౌంట్స్ వాళ్లు ఒప్పందంలో 90 రోజులని ఉందిగా అన్నారు. అదీ ఇన్‌వాయిస్ సిస్టమ్‌లో ఎక్కిన రోజు నుంచి. ఎప్పుడెక్కుతుందో సిస్టమ్‌కే తెలియాలి.

ఇంత క్రమశిక్షణ గల చోట చిన్న వ్యాపారాల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం అడ్డు తగులుతోంది. పని అందాక 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే ఒప్పుకున్నట్టట. ఎర్ర రంగు పూసింది మెయిల్‌కే గానీ బ్రోచర్‌కు కాదు కాబట్టి లెక్క జూన్ 3 నుంచే మొదలు. ఒప్పందంలో 90 అని ఉన్నా 45 రోజులు దాటకూడదు, అంటే జూలై 18. దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. పైగా 45 రోజులు దాటిన బాకీలకు కంపెనీ ఆరు నెలలకోసారి రిటర్న్ వేసి, ఆలస్యానికి కారణం చెప్పాలి. 'క్రియాపదం తప్పింది' అని రాస్తారు కాబోలు.

ఇదంతా చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకే. ఆన్‌లైన్‌లో ఉచితంగానే అవుతుంది గానీ, పని ఒప్పుకునే ముందే చేయించుకోవాలి, తగాదా వచ్చాక కాదు. ఈ అమ్మాయి ముందే చేయించుకుంది. అంతేనా, రెండో మెయిల్‌లో ఇన్‌వాయిస్ నంబరు, ఫైళ్లు పంపిన తేదీ, ఉద్యమ్ నంబరు వేసి, డబ్బు పంపాక బ్యాంకు ఇచ్చే లావాదేవీ గుర్తు, యూటీఆర్ నంబరు ఇవ్వమని అడిగింది. అందులోనూ 'పేమెంట్' పక్కన 'ఈజ్' బదులు 'ఆర్' ఉంది. ఈసారి ఎవరూ ఎర్ర రంగు పూయలేదు.

మేనేజరు గారే ఫోన్ చేశారు. "ఏంటమ్మా, మనలో మనకు చట్టాలెందుకు? వచ్చే వారం చూద్దాంలే."

"సరే సార్, ఆ మాటే మెయిల్‌లో పెట్టండి," అంది.